త్రికోణాన్ని చెరిపేయకపోతే బ్రిడ్జ్ విడిపోదు

ప్రశ్న: సార్, నేను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఒక బ్రిడ్జ్ లెక్క దగ్గర ఆగిపోయాను. A నుంచి B కి 20 ఓమ్‌లు, A నుంచి C కి 30, B, C ల మధ్య 50, B నుంచి D కి 50, C నుంచి D కి 15. A, D లకి 39 వోల్టుల సప్లై, A వైపు ప్లస్. మొత్తం రెసిస్టెన్స్, మధ్య 50 ఓమ్‌లలో కరెంట్ కనుక్కోవాలి. మధ్యది తీసేసి చేస్తే 27.39 ఓమ్‌లు వచ్చింది, తప్పన్నారు. డెల్టాని స్టార్‌గా మారిస్తే మళ్ళీ ఇంకో బ్రిడ్జే మిగులుతోంది. నా ఫ్రెండ్‌కి 26 వచ్చింది కానీ మధ్య కరెంట్ 0.5 ఆంపియర్ అంటోంది, పుస్తకం వెనక జవాబు 0.2. అసలు పై త్రికోణం తీసుకోవాలా, కిందది తీసుకోవాలా? మిడ్ పరీక్ష దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ 27.39 సంగతి చూద్దాం. మధ్య రెసిస్టర్‌ని తీసి పక్కన పెట్టడానికి ఒక్క సందర్భంలోనే వీలుంది. B దగ్గర, C దగ్గర వోల్టేజి సమానంగా ఉంటే మధ్యలో కరెంట్ పారదు. అప్పుడు అది ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. మీ లెక్కలో అలా ఉందా? మధ్యది లేదనుకుంటే ఎడమ వైపు 20, 50 సిరీస్‌లో ఉంటాయి కాబట్టి B దగ్గర వోల్టేజి 39 × 50 / 70, అంటే 27.86 వోల్టులు. కుడి వైపు 30, 15 సిరీస్, కాబట్టి C దగ్గర 39 × 15 / 45, అంటే 13 వోల్టులు. రెండింటికీ దాదాపు 15 వోల్టుల తేడా ఉంది. ఆ తేడా మధ్యలో 50 ఓమ్‌లు పెడితే కరెంట్ పారకుండా ఎలా ఉంటుంది? ఇంత లెక్క కూడా అక్కర్లేదు. ఎదురెదురు చేతుల్ని గుణించి చూస్తే చాలు. 20 × 15 = 300, 30 × 50 = 1500. ఈ రెండూ సమానమైతేనే బ్యాలెన్స్. ఇక్కడ ఐదు రెట్ల తేడా ఉంది.

అలాగని 27.39 ని కొట్టేసి మర్చిపోకండి, చివర్లో సరిచూసుకోవడానికి పనికొస్తుంది. దానికి జోడీగా ఇంకో అంకె కూడా తీసి పెట్టుకోండి. మధ్య 50 ఓమ్‌ల బదులు B, C లని ఉత్త తీగతో కలిపేశారనుకోండి. అప్పుడు 20, 30 పారలల్ అయి 12 ఓమ్‌లు, కింద 50, 15 పారలల్ అయి 11.54 ఓమ్‌లు, మొత్తం 23.54. మధ్య దారిని పూర్తిగా తెంచితే 27.39, పూర్తిగా తెరిస్తే 23.54. 50 ఓమ్‌లు ఈ రెండింటికీ నడుమ ఉండే సంగతి. కాబట్టి అసలు జవాబు ఈ రెండు అంకెల మధ్యలోనే పడాలి. పరీక్షలో మీకు 19 వచ్చినా, 31 వచ్చినా, ఎక్కడో తప్పు జరిగిందని పెన్ను కింద పెట్టకముందే తెలిసిపోతుంది.

ఇక మార్పిడి. ఈ సర్క్యూట్‌లో సిరీస్, పారలల్ ఎందుకు పనిచేయవో ఒకసారి చూడండి. రెండు రెసిస్టర్లు సిరీస్ కావాలంటే అవి కలిసే చోట మూడో తీగ ఉండకూడదు. ఇక్కడ B దగ్గర మూడు రెసిస్టర్లు, C దగ్గర మూడు, A దగ్గర రెండు రెసిస్టర్లతో పాటు సప్లై తీగ, D దగ్గరా అంతే. పారలల్ కావాలంటే రెండు చివరలూ ఉమ్మడిగా ఉండాలి, అలాంటి జంట ఒక్కటీ లేదు. అందుకే ఎక్కడ పట్టుకుని లాగినా ముడి వీడదు.

ఇప్పుడు A, B, C మూలలుగా ఉన్న పై త్రికోణాన్ని ఒక డబ్బాలో పెట్టి మూత వేశామనుకోండి. డబ్బాలోంచి A, B, C అనే మూడు తీగలు మాత్రం బయటికి వస్తాయి. కింది సగం నుంచి విడదీసి, మల్టీమీటర్‌ని ఓమ్స్ మీద పెట్టి, రెండేసి తీగల మధ్య కొలుద్దాం. A, B ల మధ్య 20 ఓమ్‌లు నేరుగా ఉన్నాయి, చుట్టూ తిరిగి వచ్చే దారి 30 + 50 = 80 ఓమ్‌లు. 20, 80 పారలల్ అయితే 16. A, C ల మధ్య 30 కి పారలల్‌గా 20 + 50 = 70, అంటే 21. B, C ల మధ్య 50 కి పారలల్‌గా 20 + 30 = 50, అంటే 25. మీటర్ చెప్పేది ఈ మూడు అంకెలే: 16, 21, 25.

ఇప్పుడు ఇంకో డబ్బా తీసుకుందాం. ఇందులో త్రికోణం లేదు, మధ్యలో N అనే ఒక ముడి, అక్కణ్ణుంచి A, B, C లకి ఒక్కో రెసిస్టర్. వాటిని a, b, c అందాం. ఈ డబ్బాకి కూడా మీటర్ పెడితే అవే 16, 21, 25 రావాలంటే a, b, c ఎంతెంత ఉండాలి? A, B ల మధ్య కొలిచేటప్పుడు C తీగ ఊరికే వేలాడుతోంది కాబట్టి మీటర్‌కి a, b మాత్రమే సిరీస్‌లో కనిపిస్తాయి.

```
a + b = 16
a + c = 21
b + c = 25
```

మొదటి రెండూ కూడి మూడోది తీసేస్తే 2a = 12, అంటే a = 6. దాంతో b = 10, c = 15. మార్పిడి అంటే ఇంతే. బయట నుంచి చూసేవాడికి ఏ డబ్బాలో త్రికోణం ఉందో, ఏ డబ్బాలో నక్షత్రం ఉందో చెప్పడం కుదరదు. మూడు తీగలున్న మామూలు రెసిస్టర్ల డబ్బాకి ఈ మూడు కొలతలూ సరిపోతే మిగతా ప్రవర్తన అంతా సరిపోయినట్టే. దానికి ఏ సప్లై తగిలించినా, ఏ రెసిస్టర్ జోడించినా తేడా రాదు.

మీ పుస్తకంలో ఉండే ఫార్ములా కూడా ఈ మూడు సమీకరణాల్లోంచి పుట్టిందే. ఒక మూలకి వచ్చే స్టార్ చెయ్యి కావాలంటే, ఆ మూలని తాకే రెండు భుజాల్ని గుణించి, మూడు భుజాల మొత్తంతో భాగించాలి. మొత్తం 20 + 30 + 50 = 100.

```
a = 20 × 30 / 100 = 6
b = 20 × 50 / 100 = 10
c = 30 × 50 / 100 = 15
```

పిల్లలు ఎక్కువగా తడబడేది ఏ రెండింటిని గుణించాలి అన్న దగ్గరే. a కోసం ఎదుటి భుజం 50 ని తెచ్చి గుణకారంలో పెడతారు. అనుమానం వస్తే ఫార్ములాని తలుచుకుంటూ కూర్చోకుండా 16, 21, 25 పద్ధతికి వెళ్ళండి, ఒక నిమిషం ఎక్కువ పడుతుందంతే. ఇంకో గుర్తు కూడా ఉంది. స్టార్ చెయ్యి ఎప్పుడూ ఆ మూలని తాకే రెండు భుజాల కంటే చిన్నదిగానే వస్తుంది. 20, 30 తాకే మూలకి 6 వచ్చింది, సరే. అక్కడ 25 వచ్చిందంటే తప్పు గుణించారన్నమాట.

ఈ సంగతిని 1899లో ఆర్థర్ కెనెల్లీ అనే ఇంజినీరు ప్రచురించారు. కొన్ని పుస్తకాల్లో కెనెల్లీ సిద్ధాంతం అనే పేరు కనిపించేది అందుకే. ఆయన పుట్టింది మన బొంబాయి కొలాబాలో, తర్వాత అమెరికా వెళ్ళి ఎడిసన్ దగ్గర పనిచేశారు. మార్కులకి పనికొచ్చే సంగతి కాదు, ఊరికే చెప్పాను.

మళ్ళీ బ్రిడ్జే మిగులుతోంది అన్నారు కదా, అసలు జబ్బు అక్కడుంది. మీ కాగితం నేను చూడలేదు కానీ అందులో ఏముందో చెప్పగలను. A నుంచి 6 ఓమ్‌లు N దాకా వచ్చింది. N నుంచి B కి 10, C కి 15. B, C ల మధ్య పాత 50 అలాగే ఉంది. కింద 50, 15. అంటే ఇప్పుడు N పైన, D కింద, మధ్యలో 50. అచ్చంగా బ్రిడ్జే, కాకపోతే నెత్తిన 6 ఓమ్‌లు అదనం. మధ్య 50 ని స్టార్‌లోకి కలిపేశాక కూడా చెరపకుండా ఉంచేశారు. దాని బలం అప్పటికే 10 లోకీ, 15 లోకీ, ఆ 100 లోకీ వెళ్ళిపోయింది. ఇంకా బొమ్మలో ఉంచితే ఒకే రెసిస్టర్‌ని రెండుసార్లు లెక్కపెట్టినట్టు.

ఇందులో మీ తప్పు కంటే మా తప్పే ఎక్కువ. పుస్తకాల్లోనూ, బోర్డు మీదా త్రికోణం గీసి, దాని కడుపులోనే స్టార్ గీస్తాం. ఏ చెయ్యి ఏ మూలకి వెళ్తుందో చూపించడానికి అది బాగానే ఉంటుంది. ఒకసారి నేను రెండింటినీ ఒకే తెల్ల సుద్దముక్కతో గీసి, గంట కొట్టారని తుడవకుండా వచ్చేశాను. తర్వాత నోటు పుస్తకాలు దిద్దుతుంటే సగం క్లాసు ఆరు రెసిస్టర్లనీ బుద్ధిగా ఎక్కించుకుని ఉంది. అప్పట్నుంచి స్టార్‌ని రంగు సుద్దతో గీసి, ఫార్ములా అయిపోగానే డస్టర్ తీసుకుని త్రికోణాన్ని పిల్లల ముందే తుడిచేస్తున్నాను. మీరు కాగితం మీద చేస్తున్నారు కాబట్టి ఆ మూడు భుజాల మీదా అడ్డంగా గీతలు కొట్టి, కింద బొమ్మ మళ్ళీ కొత్తగా గీయండి. పాత బొమ్మ మీదే సర్దుకుందామని చూడొద్దు.

కొత్త బొమ్మలో ఏముంటుంది? A నుంచి N కి 6. N నుంచి B కి 10, B నుంచి D కి 50. N నుంచి C కి 15, C నుంచి D కి 15. ఇప్పుడు B దగ్గర చూడండి, రెండే రెసిస్టర్లు కలుస్తున్నాయి. ఇందాక అక్కడ అడ్డుపడిన మూడో తీగ పోయింది. కాబట్టి 10, 50 హాయిగా సిరీస్ అయ్యాయి, 60. అటు 15, 15 కలిసి 30. 60, 30 పారలల్ అయితే 20. దానికి పైన 6 కలిపితే 26 ఓమ్‌లు. 23.54 కీ 27.39 కీ మధ్యలోనే పడింది.

ఇక మీ ఫ్రెండ్ 0.5 కథ. ఆ అమ్మాయి లెక్క ఇలా సాగి ఉంటుంది. 39 వోల్టుల్ని 26 తో భాగిస్తే 1.5 ఆంపియర్లు. N దగ్గర అది రెండుగా చీలుతుంది. 60 ఓమ్‌ల దారిలో 0.5, 30 ఓమ్‌ల దారిలో 1 ఆంపియర్. ఇంతవరకు ఒక్క తప్పు లేదు. ఆ తర్వాత మధ్య కరెంట్ కోసం వెతుకుతూ, B వైపు చేతిలో 0.5 ఉంది కాబట్టి అదే అనుకునో, 1 లోంచి 0.5 తీసేసో, మళ్ళీ 0.5 దగ్గరే ఆగింది. కానీ ఆ 10 ఓమ్‌ల చెయ్యి మీ 50 ఓమ్‌ల రెసిస్టర్ కాదు, దాని ముక్క కూడా కాదు. స్టార్ చేతుల్లో పారే కరెంట్లకీ, త్రికోణం భుజాల్లో పారే కరెంట్లకీ నేరుగా చుట్టరికం లేదు. N అనే జంక్షన్ మీ అసలు సర్క్యూట్‌లో ఎక్కడా లేదు. లెక్క ప్రకారం N దగ్గర 39 − 1.5 × 6 = 30 వోల్టులు ఉండాలి. అసలు బ్రిడ్జ్‌లో నాలుగు జంక్షన్లూ కొలవండి, 30 వోల్టులున్న జంక్షన్ ఒక్కటీ దొరకదు.

డబ్బా పోలిక మళ్ళీ గుర్తు చేసుకోండి. డబ్బాలు మార్చినప్పుడు మనం మాట ఇచ్చింది బయటికొచ్చే మూడు తీగల గురించే. A, B, C ల వోల్టేజీలు మారవు, ఆ తీగల్లోంచి బయటి సర్క్యూట్‌లోకి వెళ్ళే కరెంట్లు మారవు. డబ్బా లోపల మాత్రం అంతా మారిపోయింది. మధ్య 50 ఓమ్‌లు డబ్బా లోపలి మనిషి. దాని కరెంట్ కావాలంటే మారని వాటిని చేత్తో పట్టుకుని పాత బొమ్మ దగ్గరికి తిరిగి రావాలి.

మారనివి ఏవి? కింది 50, 15 ఓమ్‌లని మనం ముట్టుకోలేదు. B నుంచి D కి 0.5 ఆంపియర్ దిగుతోంది కాబట్టి B వోల్టేజి 0.5 × 50 = 25 వోల్టులు. C నుంచి D కి 1 ఆంపియర్, కాబట్టి C వోల్టేజి 1 × 15 = 15 వోల్టులు. ఇక స్టార్ బొమ్మతో పని అయిపోయింది, పక్కన పెట్టేయండి. పాత బొమ్మలో B దగ్గర 25, C దగ్గర 15 అని రాసుకోండి. మధ్య 50 ఓమ్‌లకి రెండు చివరల తేడా 10 వోల్టులు.

```
I = (25 − 15) / 50 = 0.2 ఆంపియర్, B నుంచి C వైపు
```

దిశ తప్పకుండా రాయండి, చాలామంది అంకె రాసి వదిలేసి అర మార్కు పోగొట్టుకుంటారు. నమ్మకం కోసం మిగతా రెండూ కూడా తీసి చూద్దాం. A నుంచి B కి (39 − 25) / 20 = 0.7. A నుంచి C కి (39 − 15) / 30 = 0.8. రెండూ కలిస్తే సప్లై ఇచ్చిన 1.5. B కి 0.7 వచ్చి, అందులో 0.2 పక్కకి పోతే కిందికి 0.5. C కి 0.8 వచ్చి, పక్క నుంచి ఇంకో 0.2 చేరితే కిందికి 1. ఎక్కడా పైసా తేడా లేదు.

ఇంకో ముచ్చట కూడా చూడండి, నాకు ఇది చాలా ఇష్టం. అసలు త్రికోణంలో మూడు రెసిస్టర్లూ వేడిగా మార్చే పవర్ లెక్కపెడితే 9.8, 19.2, 2 వాట్లు, మొత్తం 31. స్టార్‌లో మూడు చేతులూ లెక్కపెడితే 13.5, 2.5, 15 వాట్లు, మొత్తం 31. విడివిడిగా ఒక్కటీ కలవదు, మొత్తం మాత్రం కలుస్తుంది. బయటివాడికి తెలిసేది మొత్తమే మరి.

పై త్రికోణమా, కింది త్రికోణమా అంటే, ఏది తీసుకున్నా 26 ఏ వస్తుంది. నమ్మకం లేకపోతే కింది B, C, D త్రికోణంతో చేయండి. భుజాలు 50, 50, 15, మొత్తం 115. B చెయ్యి 2500 / 115, C చెయ్యి 750 / 115, D చెయ్యి కూడా 750 / 115. ఇక్కడ దశాంశాల్లోకి దిగకండి, 115 ని కిందే ఉంచి నడపండి. A నుంచి B మీదుగా 20 ని కూడా 115 కిందికి తెస్తే 4800 / 115. A నుంచి C మీదుగా 30 కూడా కలిపితే 4200 / 115. ఈ రెండూ పారలల్ అయితే 2240 / 115. దానికి D చెయ్యి కలిపితే 2990 / 115, సరిగ్గా 26. మధ్యలోనే 21.7, 6.5 అని కత్తిరించేసి ఉంటే చివర్లో 25.9 అనో, 26.02 అనో వచ్చి, తప్పు చేశామేమోనని భయపడేవారు.

నేనైతే ఎంచుకునేటప్పుడు రెండు సంగతులు చూస్తాను. మొదటిది, మొత్తం ఏ త్రికోణానికి తేలికైన అంకెగా వస్తుందో. మీకు పైన 100, కింద 115, ఇక ఆలోచించేదేముంది. రెండోది, ఏ రెసిస్టర్‌లో కరెంట్ అడిగారో. B, D ల మధ్య 50 లో కరెంట్ అడిగితే పై త్రికోణాన్ని మార్చండి. అడిగిన రెసిస్టర్ డబ్బా బయట క్షేమంగా ఉంటుంది, స్టార్ బొమ్మలోనే జవాబు దొరికిపోతుంది. మధ్య రెసిస్టర్ మాత్రం రెండు త్రికోణాలకీ ఉమ్మడి భుజం. ఏది మార్చినా అది లోపలికే పోతుంది, అందుకే వెనక్కి వచ్చే ఆ అడుగు తప్పదు. ఎడమ పక్క A, B, D కూడా త్రికోణంలాగే కనిపిస్తుంది కానీ దాని మూడో భుజం సప్లై. దాన్ని రెసిస్టర్‌గా లెక్కపెట్టి ఫార్ములాలో వేయకూడదు.

ప్రశ్నలో డెల్టా-స్టార్ పద్ధతే వాడమని లేకపోతే, మధ్య కరెంట్ ఒక్కటే అడిగితే, థెవెనిన్ దగ్గరి దారి. మొదట్లో మధ్యది తీసేసి B, C ల వోల్టేజీలు లెక్కపెట్టాం కదా, ఆ తేడా 14.86. అదే థెవెనిన్ వోల్టేజి. సప్లైని తీగగా మార్చి చూస్తే B వైపు 20, 50 పారలల్, C వైపు 30, 15 పారలల్, కలిపి 24.29 ఓమ్‌లు. మధ్య 50 తో కలిస్తే 74.29. భాగించండి, మళ్ళీ 0.2. మీరు తప్పని పడేసిన మధ్య తెంచిన బొమ్మే ఇక్కడ సగం పని చేసి పెట్టింది. కానీ ఈ దారిలో మొత్తం రెసిస్టెన్స్ 26 రాదు. రెండూ అడిగారు కాబట్టి మీకు డెల్టా-స్టారే మేలు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. కరెంట్‌ని బట్టి తన రెసిస్టెన్స్ మార్చుకునే వస్తువులకి ఇది పనిచేయదు. మధ్యలో 50 ఓమ్‌ల బదులు టార్చి బల్బు పెడితే, చల్లగా ఉన్నప్పుడు కొలిచిన ఓమ్‌లు వెలిగాక ఉండవు, డయోడ్ అయితే ఇంకా చెప్పక్కర్లేదు. ఏసీలో కాయిల్స్, కెపాసిటర్లు ఉన్నప్పుడు ఇదే ఫార్ములా ఇంపీడెన్స్‌లతో నడుస్తుంది, ఫ్రీక్వెన్సీ మారితే లెక్క మళ్ళీ మొదటి నుంచి చేయాలి. మీ సిలబస్‌లో అది తర్వాత వస్తుంది, ఇప్పుడు వదిలేయండి.

ల్యాబ్‌లో కట్టి చూడాలనిపిస్తే ఈ అంకెలతోనే కట్టకండి. 30 ఓమ్‌ల రెసిస్టర్ మీద 19.2 వాట్లు పడతాయని ఇందాకే చూశాం. బ్రెడ్‌బోర్డ్ మీద గుచ్చే పావు వాట్ రెసిస్టర్ అయితే పొగ వస్తుంది. ప్రతి ఓమ్‌ని కిలో ఓమ్ చేయండి. 20, 30, 15 కిలో ఓమ్‌లు షాపులో దొరుకుతాయి. 50 మామూలుగా దొరికే విలువ కాదు, రెండు 100 కిలో ఓమ్‌లని పారలల్‌గా పెట్టుకోండి. సప్లై సగం చేసి 19.5 వోల్టులు ఇవ్వండి, ల్యాబ్ సప్లైలో అది అందుతుంది. సప్లై తగిలించక ముందు A, D ల మధ్య కొలిస్తే 26 కిలో ఓమ్‌లు చూపించాలి. 5 శాతం రెసిస్టర్లయితే అటూ ఇటూ కొంచెం ఊగుతుంది. సప్లై ఇచ్చాక B దగ్గర 12.5 వోల్టులు, C దగ్గర 7.5 రావాలి. మధ్య కరెంట్ కోసం తీగ తెంచి ఆమ్మీటర్ పెట్టక్కర్లేదు. B, C ల మధ్య 5 వోల్టులు కొలిచి 50 కిలో ఓమ్‌లతో భాగిస్తే 0.1 మిల్లీ ఆంపియర్.

డిజిటల్ మీటర్ వాడండి. పాత ముల్లు మీటర్, వోల్టుకి 20 కిలో ఓమ్‌ల రకం, 10 వోల్టుల రేంజ్‌లో పెట్టి కొలిస్తే 5 బదులు సుమారు 4.6 చూపిస్తుంది. అది చూసి మీ డెల్టా-స్టార్ లెక్కని అనుమానించకండి. ఆ రేంజ్‌లో ముల్లు మీటరే 200 కిలో ఓమ్‌ల రెసిస్టర్. అది మధ్య 50 కి పారలల్‌గా చేరి దాన్ని 40 చేసేసింది. కావాలంటే మధ్యలో 40 పెట్టి, థెవెనిన్ దారిలోనే, 19.5 వోల్టులకి ఒకసారి లెక్క చేసి చూడండి, 4.62 వస్తుంది.